మబ్బులు ఆకాశంలో పెడితే చొక్కా మీదకి వచ్చాయి: స్నాప్‌సీడ్‌లో బ్యాక్‌గ్రౌండ్ మూడ్ తిప్పలు

మా పిన్ని కొడుకు కాలవ గట్టు మీద నిలబడి దిగిన ఫొటో ఒకటి నాకు పంపాడు. తెల్ల చొక్కా, వెనకాల కొబ్బరి చెట్లు, కింద కాలవ నీళ్లు, పైన కాగితంలా పాలిపోయిన ఆకాశం. "అన్నా, వాన రాబోతున్నట్టు చెయ్యవా" అన్నాడు. ఫోన్‌లో ఫొటోలు సర్దే యాప్ స్నాప్‌సీడ్ తప్ప ఇంకేమీ లేదు. అరగంటలో అయిపోతుందనుకున్న పని రాత్రి పదకొండు దాకా సాగింది, ఎందుకంటే ఒకటి సర్దితే ఇంకోటి చెడింది. ఆ చెడినవే వరసగా చెప్తున్నాను. బటన్ల పేర్లు ఆండ్రాయిడ్‌లో కనిపించేవి. ఐఫోన్ కొత్త వెర్షన్‌లో కొన్ని వేరే చోట ఉంటాయి.

సమస్య: మబ్బుల ఫొటో కలపగానే మొత్తం వెలిసిపోయింది

ఒక ఫొటో మీద ఇంకో ఫొటోని కలిపే Double Exposure తెరిచి, నేనే ఎప్పుడో మేడ మీంచి తీసిన నల్ల మబ్బుల ఫొటో పైన పెట్టాను. ఆకాశంలో మబ్బులు వచ్చాయి కానీ చెట్లు బూడిద రంగుకి తిరిగాయి, వాడి మొహం మీద పొగ కమ్మినట్టయింది.

కారణం Default మోడ్. అది రెండు ఫొటోలనీ పాలూ నీళ్లలా కలిపేస్తుంది. దాంతో నలుపు నలుపుగా ఉండదు, తెలుపు తెలుపుగా ఉండదు. చాలామంది ఇక్కడే ఒపాసిటీ, అంటే పై ఫొటో ఎంత దట్టంగా కనిపించాలో, అది తగ్గించుకుంటూ పోతారు, దానివల్ల మబ్బులు కూడా పోతాయి తప్ప లాభం లేదు.

మోడ్‌ని Darken చేయండి. ఇది ప్రతి చోటా రెండు ఫొటోల్లో ఏది ముదురుగా ఉంటే దాన్నే ఉంచుతుంది. తెల్ల ఆకాశం కన్నా మబ్బు ముదురు, కాబట్టి అక్కడ మబ్బు కనిపిస్తుంది. మబ్బు కన్నా కొబ్బరాకు ముదురు, కాబట్టి ఆకు ఆకులాగే ఉంటుంది. ఒక్కో ఆకు సందులోంచీ మబ్బు తొంగిచూస్తుంది, మనం వేలు కూడా పెట్టక్కర్లేదు. చేత్తో ఆ ఆకుల చుట్టూ గీయాలంటే తెల్లారిపోతుంది. తర్వాత ఒపాసిటీని మెల్లగా జరుపుతూ చెట్ల కొసల్ని చూడండి, అవి పలచబడుతున్నాయనిపిస్తే కాస్త వెనక్కి రండి.

ఈ కిటుకు పనిచేసేది ఆకాశం తెల్లగా ఉన్నప్పుడే. రాత్రి ఫొటోలో దీపాల వెలుగో పొగమంచో కలపాలంటే తిరగేసి Lighten వాడాలి. ముదురు నీలం ఆకాశంలో లేత మబ్బు పెడదామని Darken నొక్కితే ఏమీ కనిపించదు. అది యాప్ తప్పు కాదు.

సమస్య: చొక్కా మీద, చెంప మీద మబ్బులు

Darken చేశాక కూడా వాడి తెల్ల చొక్కా మీద మబ్బు అచ్చు పడింది, చాకిరేవులో వదలని మరకలాగ. కారణం పైన చెప్పిందే: చొక్కా కూడా తెలుపే, యాప్‌కి అది ఆకాశమో బట్టో తెలియదు.

టిక్ కొట్టి బయటికొచ్చాక, పైన పొరల గుర్తు నొక్కి View edits కి వెళ్లండి. అక్కడ Double Exposure మీద నొక్కితే బ్రష్ గుర్తు వస్తుంది. అది నొక్కి లోపలికెళ్లగానే మబ్బులన్నీ మాయమవుతాయి, కంగారు పడొద్దు, బ్రష్‌తో పూసిన చోటే ఎఫెక్ట్ వచ్చేలా మారిందంతే. ఇప్పుడు ఆకాశమంతా పూస్తూ కూర్చోకండి. కింద ఉన్న తిరగేసే గుర్తు నొక్కితే ఎఫెక్ట్ ఫొటో అంతటా వస్తుంది. తర్వాత బ్రష్ విలువని బాణంతో 0 కి దించి, మనిషి మీద మాత్రం రుద్దండి. కన్ను గుర్తు ఆన్ చేసి ఉంచితే ఎక్కడ పూశామో ఎర్రగా తెలుస్తుంది.

సమస్య: తల చుట్టూ తెల్లటి వలయం

దేవుడి పటంలో తల వెనక వెలుగులాగ వచ్చింది. నేను జుట్టు అంచు దాకా 0 తో రుద్దేశాను, బ్రష్ కొంచెం బయటికి పోయి అక్కడి మబ్బుని కూడా చెరిపేసింది, దాంతో పాత తెల్ల ఆకాశం బయటపడింది.

స్నాప్‌సీడ్‌లో బ్రష్ సైజుకి విడిగా బటన్ ఉండదు. వేలి కింద దాని వెడల్పు ఎప్పుడూ ఒకటే. ఫొటోని రెండు వేళ్లతో పెద్దది చేస్తేనే బ్రష్ చిన్నదైనట్టు. కాబట్టి భుజం అంచు దగ్గర బాగా జూమ్ చేసి రుద్దాలి. జుట్టు సంగతి వేరు, అసలు దాన్ని ముట్టుకోవద్దు. నల్ల జుట్టు మబ్బు కన్నా ముదురే కదా, Darken దాన్ని ఎలాగూ కాపాడుతుంది. మొహం, మెడ, చొక్కా చెరిపి జుట్టు దగ్గర ఆగిపోవాలి. ఇది తెలియక నేను గంట పోగొట్టుకున్నాను. వలయం ఇప్పటికే వచ్చేసి ఉంటే విలువని 100 కి పెంచి ఆ వలయం మీద పూయండి, మబ్బు తిరిగొస్తుంది. నెరిసిన జుట్టయితే మాత్రం ఈ సుఖం లేదు, 25, 50 విలువలతో కొంచెం కొంచెంగా సర్దుకోవాలి.

సమస్య: నీళ్లు ఇంకా మధ్యాహ్నంలోనే ఉన్నాయి

పైన నల్ల మబ్బు, కింద కాలవ మాత్రం తళతళా మెరుస్తోంది. నీళ్లు పాత ఆకాశాన్నే చూపిస్తున్నాయి మరి. ఫొటోలో ఒక్క చోటుని మాత్రమే మార్చే సెలెక్టివ్‌తో నీటి మీద ఒక పాయింట్ పెట్టి, పక్కకి జరిపి Brightness ని -40 దాకా దించాను. నీళ్లు నల్లబడ్డాయి, చొక్కా కింది భాగం కూడా మసకబారింది.

సెలెక్టివ్ పాయింట్ తన వలయంలో ఉన్న వాటిలో పాయింట్ కింది రంగుని పోలిన వాటన్నిటినీ పట్టుకుంటుంది. మెరిసే నీరు, తెల్ల చొక్కా దానికి చుట్టాలే. రెండు వేళ్లు దగ్గరికి లాగి వలయం చిన్నది చేయండి, ఎంత మేరకి పడుతోందో అప్పుడు ఎర్రగా కనిపిస్తుంది. అది చాలకపోతే చొక్కా మీద ఇంకో పాయింట్ పెట్టి దాని విలువలేవీ మార్చకుండా వదిలేయండి, అది కాపలాదారులా నిలబడుతుంది. ఒక పెద్ద వలయం బదులు నీటి మీద రెండు మూడు చిన్నవి పెట్టడం మేలు. నేను చివరికి మూడు పాయింట్లు, ఒక్కోటి -25 దగ్గర ఆపాను.

సమస్య: అన్నీ సరిపోయాయి, మనిషి మాత్రం అతికించినట్టున్నాడు

ఇదే అన్నిటికన్నా మొండిది. మబ్బు పట్టిన రోజు వెలుగు తెల్లగా, కొంచెం నీలంగా, నీడ లేకుండా ఉంటుంది. వాడి మీద మాత్రం పసుపు ఎండ పడుతోంది. ఇందాకటి బ్రష్ కాదు, టూల్స్‌లో విడిగా ఉండే Brush లో Temperature ని -5 పెట్టి చొక్కా మీద, చేతుల మీద ఒక్కసారి తిప్పాను. మొహం మీద -10 జోలికి పోకండి, చలికి వణికి నీలుక్కుపోయినట్టవుతుంది. తర్వాత Exposure -0.3 తో మనిషి మీదా గట్టు మీదా ఒక పూత. ఈ బ్రష్‌తో వేలు ఎత్తి మళ్లీ మళ్లీ రుద్దితే మచ్చలు పడతాయి, ఫొటోని చిన్నగా చేసి ఒకే ఊపులో పూస్తే అంచులు మెత్తగా కలుస్తాయి.

ఇంతా చేశాక వాడి కాళ్ల దగ్గర గట్టు మీద కత్తితో కోసినట్టున్న నీడ కనిపించింది. మబ్బు కింద అలాంటి నీడ ఉండదు. అక్కర్లేనివి చెరిపే హీలింగ్‌తో చెరపబోతే గడ్డి అలుక్కుపోయింది. ఆఖరికి మోకాళ్ల పైకి క్రాప్ చేసి పంపించాను, "చెప్పులు కొత్తవన్నా, అవి కోసేశావేంటి" అని రిప్లై వచ్చింది.