గుర్తింపు కార్డులో తప్పుంటే స్కాన్‌ను దిద్దకండి

కార్డులో పుట్టిన తేదీ 12కు బదులు 21 అని పడిందనుకోండి. తప్పు మనది కాదు కదా అని కొందరు స్కాన్ కాపీలో ఆ రెండు అంకెలు మార్చేసి దరఖాస్తుకు జత చేస్తారు. అసలు తేదీ అదే అయినా, దిద్దిన కాపీ ఫోర్జరీ కిందికి రావచ్చు. పైగా దొరికిపోవడం తేలిక. చాలా కార్డుల మీది క్యూఆర్ కోడ్‌లో అవే వివరాలు, జారీ చేసిన సంస్థ డిజిటల్ సంతకంతో ఉంటాయి. పైన 12, ఆ కోడ్‌ను స్కాన్ చేస్తే 21 కనిపిస్తుంది. ఫొటోలో ముఖం నునుపు చేసినా చిక్కే. ముఖాన్ని పోల్చే యంత్రం తిప్పికొట్టవచ్చు.

ముందుగా తప్పు ఎక్కడ పుట్టిందో చూడండి. జనన ధ్రువీకరణ పత్రంలో 12 అనే ఉంటే, దాన్ని జతచేసి కార్డు ఇచ్చిన కార్యాలయంలోనే సవరణకు దరఖాస్తు చేయాలి. ఆ పత్రంలోనే 21 ఉంటే మొదట జనన నమోదు కార్యాలయానికి వెళ్లాలి. ఈ వరుస తప్పితే దరఖాస్తు వెనక్కి రావచ్చు. సమర్పించే ముందు తెరమీది వివరాలను అక్షరం అక్షరం చదవండి, గుమస్తా ఎంత తొందరపెట్టినా సరే. రసీదు భద్రపరచండి. కొత్త కార్డు వచ్చేలోగా ఎక్కడైనా అడిగితే పాత కార్డును ఉన్నదున్నట్టే చూపి, రసీదు జతచేయండి.