మూడు బంతుల స్పైరోమీటర్: ఊదకండి, పీల్చండి

పొట్ట ఆపరేషన్ అయిన రెండో రోజు ఒకాయన ఆక్సిజన్ 92 శాతానికి పడిపోయింది. ఊపిరి వ్యాయామానికి ఇచ్చిన స్పైరోమీటర్ గురించి అడిగితే, "గంటగంటకీ చేస్తున్నానమ్మా" అన్నారు. చేసి చూపించమంటే, గొట్టంలోకి గట్టిగా ఊదుతున్నారు! చాలామంది చేసే పొరపాటే ఇది. ఊదితే ఊపిరితిత్తుల అడుగున ముడుచుకున్న గాలి తిత్తులు తెరుచుకోవు.

నొప్పి మందు వేసుకున్న అరగంట తర్వాత నిటారుగా కూర్చోబెట్టండి. నొప్పి ఉంటే ఎవరూ లోతుగా పీల్చలేరు. ముందు గాలి మామూలుగా వదిలి, గొట్టాన్ని పెదాలతో బిగించి, నెమ్మదిగా లోపలికి పీల్చాలి. మూడు నుంచి ఐదు సెకన్లు బిగబట్టి వదలాలి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకు పదిసార్లు. కళ్లు తిరిగితే కాసేపు ఆగాలి. ఆ తర్వాత కుట్ల మీద దిండు అదిమి పట్టుకుని రెండుసార్లు దగ్గించండి, కఫం కదులుతుంది. ఆయనకు సాయంత్రానికి 95 వచ్చింది.

అదే గంటలో పాదాలు పైకీ కిందికీ పదిసార్లు ఆడించాలి, డాక్టరు ఒప్పుకోగానే నడిపించాలి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెడితే మర్దనా చేయొద్దు. రక్తం గడ్డ కదలొచ్చు, వెంటనే చెప్పండి. ఉన్నట్టుండి ఆయాసం వస్తే చెప్పడానికి అసలు ఆలస్యం చేయొద్దు.

చేతులు కడుక్కోకుండా కట్టు ముట్టుకోవద్దు. మూడు నాలుగు రోజులయ్యాక కుట్ల దగ్గర ఎరుపు, వేడి పెరుగుతుంటే చూపించండి.