కువైట్‌కి ముందు అరబీ – 3వ పాఠం: యాప్ పరీక్ష పెడతానంటే

గత పాఠంలో ఫోన్‌లో భాషలు నేర్పే డుయోలింగో యాప్ వేసుకుని, ఇంగ్లీషు ద్వారా అరబీ నేర్పే కోర్సు ఎంచుకున్నాం. కోర్సు తెరవగానే రెండు దారులు కనిపిస్తాయి. Start from scratch అంటే మొదటి నుంచి మొదలుపెట్టడం. Find my level అంటే యాప్ చిన్న పరీక్ష పెట్టి, మీరు ఎక్కడి నుంచి చదవాలో తనే చెప్పడం. ఈ పాఠంలో ఆ పరీక్ష గురించే చెబుతాను. కడపలో అరబీ మొదలుపెట్టేవాళ్ళలో చాలామందికి అక్షరాలు ముందే వచ్చు, మాటలు రావు. అలాంటివాళ్ళను ఈ పరీక్ష సులువుగా పొరపాటు చోట కూర్చోబెడుతుంది.

మాసాపేట కుర్రాడొకడు ఇంటి డ్రైవర్ వీసా మీద కువైట్ వెళ్ళే ప్రయత్నంలో ఉన్నాడు. చిన్నప్పుడు మదరసాలో ఖురాన్ చదవడం నేర్చుకున్నాడు. అక్షరం చూస్తే తడుముకోకుండా పలుకుతాడు. "చదవడం వస్తాది గదన్నా, మొదటి నుంచి ఎందుకు?" అని పరీక్షకే వెళ్ళాడు. ఈ పరీక్షలో జవాబు సరైతే తర్వాతి ప్రశ్న బరువెక్కుతుంది, తప్పైతే తేలికవుతుంది. అతనికి అక్షరాల ప్రశ్నలన్నీ సరిపోయాయి. తర్వాత మాటల ప్రశ్నలు వచ్చాయి. కింద ఇచ్చిన నాలుగైదు మాటల్లోంచి ఏరి పెట్టే రకం కాబట్టి, తెలియనివి కూడా కొన్ని అంచనాతో సరిపోయాయి. యాప్ అతన్ని మొదటి యూనిట్లు దాటించి ముందుకు తీసుకెళ్ళింది.

ఇక్కడ తెర మీది గుండ్రాలను జాగ్రత్తగా చూడాలి. దారి పొడవునా ఉండే ఒక్కో గుండ్రం ఒక మెట్టు, అలాంటి కొన్ని మెట్లు కలిస్తే ఒక యూనిట్. ఒక్కో మెట్టులో కొన్ని పాఠాలుంటాయి. పాఠం పూర్తయిన కొద్దీ చుట్టూ ఉన్న గీత నిండుతుంది, అన్నీ అయ్యాక గుండ్రం బంగారు రంగుకు మారుతుంది. పరీక్ష దాటించిన యూనిట్లు కూడా పూర్తయినట్టే కనిపిస్తాయి. వాటిలో ఒక్క పాఠం కూడా చేయకపోయినా సరే. కాబట్టి యూనిట్ నంబరు మీరు ఎక్కడ నిలబడ్డారో చెబుతుంది, దాని వెనక ఎంత నేర్చుకున్నారో చెప్పదు. ముందున్న యూనిట్ దగ్గర కనిపించే Jump here? కూడా ఇలాంటిదే. దాని పరీక్ష నెగ్గితే మధ్యలోవన్నీ దాటించేస్తుంది.

ఇప్పుడు హార్ట్స్ సంగతి. తెర పైభాగంలో ఎర్ర గుండె గుర్తు, పక్కన 5 అంకె ఉంటే, ఐదు తప్పులకు అవకాశం ఉందని అర్థం. తప్పుకొకటి తగ్గుతుంది. సున్నా అయితే పాఠం మధ్యలోనే ఆగిపోతుంది. కొన్ని గంటలకొకటి చొప్పున తిరిగి వస్తాయి. గుండె గుర్తు నొక్కితే తర్వాతిది ఎప్పుడొస్తుందో చూపిస్తుంది. (2025 నుంచి చాలా ఫోన్లలో గుండె బదులు బ్యాటరీ గుర్తు వస్తోంది. అందులో జవాబు సరైనా, తప్పైనా ప్రతి ప్రశ్నకూ కొంత ఖర్చవుతుంది. మీకు అదే ఉంటే, కింద చెప్పే లెక్క కోసం తప్పులను మీరే కాగితం మీద రాసుకోండి.)

మన డ్రైవర్ తమ్ముడికి కొత్త యూనిట్ మొదటి పాఠంలోనే ఐదూ పోయాయి. "ఆటలో ఓడిపోయినట్టుందన్నా" అన్నాడు. నేను అతని పక్కన కూర్చుని, మళ్ళీ హార్ట్స్ వచ్చాక అదే పాఠం చేయించి, ప్రతి తప్పూ నోటు పుస్తకంలో రాయించాను. ఆ ఐదూ ఇవి.

కారు అనే చోట బైత్ ఎంచుకున్నాడు. బైత్ అంటే ఇల్లు, కారుకు సయ్యారా అనాలి. కొత్త అనడానికి జదీద్ అనాలి, ఆ మాట అసలు తెలియక ఏదో ఒకటి నొక్కాడు. మూడోసారి సయ్యారా జదీద్ అని పెట్టాడు. అరబీలో సయ్యారా స్త్రీలింగం కాబట్టి దాని వెంట వచ్చే మాట కూడా మారి జదీదా కావాలి. బైత్ పక్కనైతే జదీద్ సరిపోయేది. ఈ మూడూ పాత యూనిట్లలో నేర్చుకోవాల్సినవే. పరీక్ష దాటించడం వల్ల అతను అవి చూడనే లేదు.

మిగతా రెండు తప్పులు వేరే రకం. అల్‌బైత్ అని చూపించి Write this in English అని అడిగితే, రెండుసార్లూ house అని మాత్రం రాశాడు. అది the house కావాలి. అరబీలో ముందున్న అల్ చేసే పని, ఇంగ్లీషులో దాదాపు the చేసే పనే. తెలుగులో మనం రెండింటికీ ఇల్లు అనే అంటాం, అందుకే మన చెయ్యి దాన్ని వదిలేస్తుంది. అర్థం తెలిసినా హార్ట్ పోతుంది. ఇలాంటి తప్పులు చూసి అరబీ రాలేదని అనుకోకండి. అల్ కనబడితే the పెట్టడం ఒక్కటి అలవాటు చేసుకుంటే ఇవి ఆగిపోతాయి. అక్షరం తేడా పడిన చిన్న స్పెల్లింగ్ తప్పును యాప్ చాలాసార్లు మన్నిస్తుంది కానీ, మాట మొత్తం వదిలేస్తే మన్నించదు.

అందుకే హార్ట్స్ పోయిన పాఠాన్ని ఇలా చూడమంటాను. సగానికి మించిన తప్పులు ఎన్నడూ చూడని మాటల వల్లనైతే మీరు ఎత్తులో కూర్చున్నారు, కిందికి దిగాలి. the, a వదిలేయడం వల్లనైతే అక్కడే ఉండండి. మన తమ్ముడిని దిగమన్నాను. దిగడానికి దారి మీద పైకి జరుపుకుంటూ వెళ్ళి, పూర్తయినట్టు కనిపిస్తున్న పాత గుండ్రాన్ని నొక్కి చేస్తే చాలు. అన్నీ మొదటి నుంచి కావాలంటే కోర్సును తీసేసి మళ్ళీ చేర్చుకోవచ్చు. ఆ కోర్సులో చేసిందంతా పోతుంది. స్ట్రీక్ మాత్రం పోదు, అది మొత్తం ఖాతాకు సంబంధించింది.

స్ట్రీక్ అంటే మంట గుర్తు పక్కనున్న అంకె. వరసగా ఎన్ని రోజులు కనీసం ఒక పాఠమైనా పూర్తి చేశారో దాని లెక్క. పూర్తి చేయడమే ముఖ్యం, హార్ట్స్ అయిపోయి ఆగిన పాఠం లెక్కలోకి రాదు. మన తమ్ముడికి పదో రోజు జరిగింది ఇదే. రాత్రి పదిన్నరకు కూర్చున్నాడు, సగంలో హార్ట్స్ అయిపోయాయి. మంట గుర్తు బూడిద రంగులోనే ఉండిపోయింది. అర్ధరాత్రి దాటితే తొమ్మిది రోజుల అంకె సున్నా అవుతుందని టెన్షన్‌తో నాకు ఫోన్ చేశాడు. గుండె గుర్తు నొక్కితే, పాతవాటి మీద సాధన చేసి హార్ట్ సంపాదించుకునే పాఠం కనిపించింది. అది చేస్తే హార్ట్ వచ్చింది, ఆ రోజు లెక్క కూడా నిలబడింది. ఒక రోజు తప్పినా అంకెను కాపాడే Streak Freeze కూడా ఉంది. యాప్‌లో సంపాదించిన రత్నాలతో దాన్ని ముందే కొని ఉంచుకోవాలి.

ఆ తొమ్మిది రోజుల్లో అతనికి కొత్తగా వచ్చిన మాటలు ఎన్నో అడిగాను. పట్టుమని పది చెప్పలేకపోయాడు. హార్ట్స్ తిరిగొచ్చేదాకా ఆగడం, ఒక పాఠం అయ్యిందనిపించడం, అంతే జరిగింది. యాప్ నేర్పేది ప్రామాణిక అరబీ, కువైట్ ఇంట్లో వినబడే మాట కొంత వేరు. అక్కడ ‘ఏమిటి’ అనడానికి షినూ అంటారు. పునాది మాటలు గట్టిగా ఉంటే ఆ తేడా పట్టుకోవడం సులువు, అందుకే అతన్ని కిందికి దింపాను.

ఈ వారం మీరు చేయాల్సింది. పరీక్ష ఇంకా రాయకపోతే రాయండి, కానీ తెలియని మాటకు అంచనా వేయకండి. తప్పని తెలిస్తేనే యాప్ మిమ్మల్ని సరైన చోట దింపుతుంది. ఇప్పటికే రాసి ఉంటే, ఇప్పుడున్న యూనిట్‌లో ఒక పాఠం చేసి ప్రతి తప్పు పక్కన ‘మాట తెలియదు’, ‘లింగం’, ‘the’ అని రాయండి. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. నాలుగో పాఠంలో సయ్యారా, బైత్, తలుపు అనే అర్థమున్న బాబ్ అనే మూడు మాటలతో జదీద్, జదీదా తేడాను పూర్తిగా చేద్దాం.