కొత్త చోట అడుగు పెట్టగానే ఆటలో కుదుపు: షేడర్ క్యాష్ తుడిస్తే నిజంగా జరిగేదేమిటి?

సమస్య

ఆట సగటున సెకనుకు 90 ఫ్రేములు ఇస్తోంది, గ్రాఫిక్స్ కార్డు వేడెక్కడం లేదు. అయినా కత్తి మొదటిసారి నిప్పురవ్వలు రాల్చినప్పుడో, కొత్త గది తలుపు తెరిచినప్పుడో తెర క్షణంపాటు బిగుసుకుపోయి మళ్లీ కదులుతుంది. అదే కత్తిని రెండోసారి దూస్తే ఏమీ జరగదు. సెకనుకు 60 ఫ్రేముల లెక్కన ఒక్కో ఫ్రేముకు దక్కే సమయం 16.7 మిల్లీసెకన్లు కాబట్టి, ఒక్క ఫ్రేము 150 మిల్లీసెకన్లు పట్టిందంటే దాదాపు తొమ్మిది ఫ్రేముల సమయాన్ని అది ఒక్కటే మింగేసిందని అర్థం. సగటు అంకెలో ఇది దాదాపు కనబడదు. CapFrameX వంటి సాధనంలో ఫ్రేము సమయాల గీత చూస్తే మాత్రం ముల్లులా నిటారుగా లేచి కనిపిస్తుంది.

కారణం

ఒక ఉపరితలం మెరవాలన్నా, పొగ కదలాలన్నా గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రామునే షేడర్ అంటాం. ఆటతోపాటు మన కంప్యూటరుకు వచ్చే షేడర్లు ఏ కార్డుకూ నేరుగా అర్థం కాని మధ్యస్థ రూపంలో ఉంటాయి. వాటిని మన కార్డు భాషలోకి మార్చే పని డ్రైవరుది, ఆ పని జరిగేది ప్రాసెసర్ మీద. గేమ్ కన్సోళ్లలో హార్డ్‌వేర్ ముందే తెలుసు కాబట్టి సిద్ధం చేసిన షేడర్లనే ఆటతో పంపగలుగుతారు. పీసీలో కార్డులూ డ్రైవర్లూ ఎన్నో రకాలు కనుక అది సాధారణంగా కుదరదు.

ఆటలు కార్డుతో మాట్లాడేందుకు వాడే డైరెక్ట్ఎక్స్ 12, వల్కన్‌లలో షేడర్లతోపాటు బొమ్మ గీసే తీరుకు సంబంధించిన అమరికలను కూడా కలిపి ఒకే మూటగా ముందే డ్రైవరుకు అప్పగించాలి. ఆ మూట ఆట మొదలయ్యేటప్పుడే సిద్ధమైతే ఇబ్బంది లేదు. సరిగ్గా నిప్పురవ్వ కనబడాల్సిన క్షణంలో ఆట దాన్ని అడిగితే, తయారయ్యేదాకా ఆ ఫ్రేము ఆగాల్సిందే. ఒకసారి తయారైన రూపాన్ని డ్రైవర్ మళ్లీ వాడుకునేందుకు డిస్కు మీద దాచుకుంటుంది, ఆ నిల్వే షేడర్ క్యాష్. అందుకే రిజల్యూషన్ తగ్గించినా ఈ కుదుపు పోదు, ఎందుకంటే ఆ క్షణంలో కార్డు ఖాళీగా ఎదురుచూస్తూ ఉంటుంది, శ్రమపడేది ప్రాసెసర్.

ఇది షేడర్ కుదుపేనా?

కుదుపు వచ్చిన చోటు గుర్తుపెట్టుకుని, ఆట మూసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, అదే సేవ్ నుంచి మళ్లీ అక్కడికి వెళ్లండి. రీస్టార్ట్ ఎందుకంటే, ఆట మూయకుండానే రెండోసారి వెళ్తే డిస్కు నుంచి చదివిన బొమ్మలు కూడా అప్పటికే మెమరీలో ఉంటాయి, దాంతో ఏ కుదుపు దేనివల్ల తగ్గిందో తేలదు. రీస్టార్ట్ తర్వాత కూడా సాఫీగా నడిస్తే అది షేడర్ కుదుపు, క్యాష్ తన పని చేసింది. ప్రతిసారీ అదే గడప దగ్గర ఆగితే చాలావరకు అది ఆట కొత్త ప్రాంతాన్ని లోడ్ చేసుకునేటప్పటి కుదుపు, దానికి షేడర్ క్యాష్‌తో పని లేదు. ఒకసారి పోయిన కుదుపు ఏ మార్పూ లేకుండానే కొన్ని రోజులకు తిరిగి వస్తే, క్యాష్ డిస్కు మీద నిలవడం లేదని అనుమానించాలి.

ఈ మూడో రకం నేను మా తమ్ముడి కంప్యూటర్లో చూశాను. ప్రతి సోమవారం ఆట కొత్తగా కొన్నట్టు తడబడుతోందని వాడి గోల. తీరా చూస్తే, ఎవరో చెప్పారని ప్రతి ఆదివారం డిస్క్ క్లీనప్ తెరిచి DirectX Shader Cache దగ్గర టిక్ పెట్టి తుడిచేస్తున్నాడు, దానికితోడు ఎన్విడియా క్యాష్ ఫోల్డర్ కూడా ఖాళీ చేస్తున్నాడు. మందు పారబోసి జ్వరం తగ్గలేదంటున్నాడన్నమాట. రెండు వారాలు తుడవడం మానేయగానే ఫిర్యాదు ఆగిపోయింది.

పరిష్కారం

ఎన్విడియా కార్డు ఉంటే కంట్రోల్ ప్యానెల్లో Manage 3D settings కింద Shader Cache Size చూడండి. అది Disabled గా ఉంటే తయారైన షేడర్ డిస్కు మీద నిలవదు, ఆట తెరిచిన ప్రతిసారీ మొదటికే వస్తుంది. మరీ చిన్న పరిమితి పెట్టినా అంతకు మించి మేలు ఉండదు, ఎందుకంటే పరిమితి నిండగానే పాతవాటిని తీసేసి కొత్తవాటికి చోటిస్తుంది, మీరు రెండు మూడు పెద్ద ఆటలు మార్చి మార్చి ఆడితే ఒకదాని షేడర్లను మరొకటి తరిమేస్తుంది. నా సలహా 10 GB. డిస్కులో చోటు బాగా ఉంటే Unlimited పెట్టినా నష్టం లేదు, కానీ దానివల్ల వేగం పెరుగుతుందని ఆశించవద్దు. ఏఎండీ సాఫ్ట్‌వేర్లో Reset Shader Cache అనే మీట ఉంటుంది. అది తుడిచేందుకే, పరిమాణం మార్చేందుకు కాదు.

ఆట మొదట్లో షేడర్లు సిద్ధం చేస్తున్నానని పట్టీ చూపిస్తే, విసుగొచ్చినా పూర్తి కానివ్వండి. డ్రైవర్ మార్చిన తర్వాత మొదటిసారి ఆడేటప్పుడు ఆ పట్టీ మళ్లీ వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఒక డ్రైవర్ తయారుచేసిన షేడర్ మరో వెర్షన్‌కు సాధారణంగా పనికిరాదు కాబట్టి, పని మళ్లీ మొదలుపెట్టక తప్పదు.

తుడిస్తే ఏమవుతుంది?

తుడిచినప్పుడు పోయేది మీ కార్డు భాషలోకి మార్చి దాచుకున్న రూపం మాత్రమే. సేవ్ ఫైళ్లు పోవు, ఆటలోని అసలు షేడర్లూ పోవు. కానీ ఇన్నాళ్లూ కుదుపు కుదుపుగా సంపాదించుకున్నదంతా పోతుంది, ప్రతి నిప్పురవ్వా మళ్లీ మొదటి నిప్పురవ్వే అవుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది: కొన్ని ఆటలు షేడర్ల తయారీ అయిపోయిందన్న గుర్తును తమ సొంత ఫోల్డర్లో రాసుకుంటాయి. డ్రైవర్ క్యాష్‌ను మీరు తుడిచిన సంగతి వాటికి తెలియదు. అందుచేత ప్రారంభంలో రావాల్సిన పట్టీ రాదు, భారమంతా ఆట మధ్యలో పడుతుంది. అటువంటప్పుడు గ్రాఫిక్స్ మెనూలో షేడర్లను తిరిగి సిద్ధం చేసే ఎంపిక ఉందేమో వెతకండి.

మరి తుడవాల్సిన సందర్భం లేదా? ఉంది. డ్రైవర్ మార్చాక వస్తువుల మీద నల్లటి మచ్చలు, మెరుపులు కనబడినా, ఒకే చోట ఆట మూసుకుపోతున్నా క్యాష్ ఫైలు పాడై ఉండవచ్చు. డిస్కులో చోటు బొత్తిగా లేకపోయినా తుడవవచ్చు. ఆటనూ లాంచర్‌నూ మూసి, విండోస్‌లో Win+R నొక్కి, మీ కార్డుకు తగిన దారిని తెరిచి లోపలి ఫైళ్లు తీసేయండి. ఎన్విడియా కొత్త డ్రైవర్లలో రెండో దారి వాడుకలో ఉంటుంది. నాలుగోది ఏ కార్డుదీ కాదు, విండోస్ సొంత డైరెక్ట్ఎక్స్ క్యాష్.

```
%LOCALAPPDATA%\NVIDIA\DXCache
%USERPROFILE%\AppData\LocalLow\NVIDIA\PerDriverVersion\DXCache
%LOCALAPPDATA%\AMD\DxCache
%LOCALAPPDATA%\D3DSCache
```

ఏదైనా ఫైలు వాడుకలో ఉందని విండోస్ మొరాయిస్తే బలవంతం చేయకుండా వదిలేయండి. లేదా Shader Cache Size ను Disabled చేసి, రీస్టార్ట్ చేసి, తుడిచాక మళ్లీ 10 GB కి మార్చండి. ఈ చివరి అడుగు మరిచిపోయి నెలల తరబడి Disabled తోనే ఆడేవాళ్లు ఉన్నారు.

ఇన్ని చేసినా ఆటను మొదటిసారి ఆడేటప్పటి కుదుపు మిగిలితే, తప్పు మీ అమరికలది కాదు. క్యాష్ రెండోసారికే పనికొస్తుంది. మొదటిసారిని సాఫీ చేయాల్సింది ఆట తయారీదారులే. అన్‌రియల్ ఇంజిన్ 5.1 నుంచి షేడర్ మూటలను అవసరానికి కాస్త ముందే తయారుచేసే ఏర్పాటు ఉంది గాని, దాన్ని సరిగా అమర్చుకోని ఆటకు ప్యాచ్ రావాలి. అది వచ్చేలోగా కఠినమైన పోరుకు దిగేముందు ఆ ప్రాంతంలో ఒకసారి తిరిగి, ఆయుధాలన్నీ ఒక్కో దెబ్బ వేసి చూసుకుంటే, కుదుపుల్లో చాలా భాగం ప్రాణం మీదికి రాకముందే అయిపోతాయి.