మాట వెనక మాట – నాలుగో పాఠం: ‘బాగా’కీ ‘బాగానే’కీ మధ్య

పోయిన పాఠంలో గొంతులో వచ్చే తేడా గురించి చెప్పుకున్నాం. ఈసారి ఒక్క అక్షరం గురించి. మాట చివర చేరే ‘ఏ’. పైరాష్ట్రంలో పెరిగి మన ఊళ్లకు వచ్చినవాళ్లు పొగడ్తనీ ఎత్తిపొడుపునీ కలిపేసుకునేది ఎక్కువగా ఇక్కడే.

కావలిలో మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా తమ్ముడి భార్య బెంగుళూరులో పెరిగింది. ఇంట్లో తెలుగే మాట్లాడినా ఊరి మాటతీరు తెలియదు. పెళ్లయ్యాక మొదటిసారి పదిమందికి చేపల పులుసు పెట్టింది. మామిడికాయ ముక్కలు వేసి, మా అమ్మ చెప్పినట్టు ముందురోజు సాయంత్రమే వండి ఉంచింది. పంక్తిలో కూర్చున్న మా మేనత్త రెండు ముద్దలు తిని ఇలా అంది:

“పర్వాలేదే అమ్మాయ్, పులుసు బాగానే పెట్టావే! బెంగుళూరు పిల్లవైనా చేప కడగడం కూడా వచ్చిందే నీకు!”

మరదలు సంతోషంగా “థాంక్స్ అత్తయ్యా” అంది. పంక్తిలో మిగతావాళ్లు తలలు దించుకుని విస్తళ్లలోకి చూశారు. నాకు ఆ పిల్ల ముఖం చూస్తే కడుపు తరుక్కుపోయింది.

ఇప్పుడు ఆ మాటను విప్పుదాం. ‘బాగా పెట్టావు’ అంటే మెచ్చుకోలు, అంతే. ‘బాగానే పెట్టావు’ అంటే ‘ఆ మాత్రం ఒప్పుకుంటాను’ అని. ‘ఏ’ మెచ్చుకోలుకు హద్దు గీస్తుంది. మీరు చేయాల్సింది, ఆ ‘ఏ’ తీసేసి వాక్యాన్ని మళ్లీ చదువుకోవడం. అర్థం మారకపోతే భయం లేదు. మారితే రెండో ప్రశ్న వేసుకోండి: ఈ మాట రావాలంటే అవతలివాళ్లు ముందు ఏమనుకుని ఉండాలి? ‘చేప కడగడం కూడా వచ్చిందే’ అనాలంటే, రాదని అనుకుని ఉండాలి. ‘బెంగుళూరు పిల్లవైనా’ అన్న ‘అయినా’ ఆ లెక్కను బయటికే చెప్పేసింది. దెబ్బ పులుసు మీద కాదు, పిల్ల పెంపకం మీద.

అయినా తొందరపడకూడదు. ఎవరైనా “ఎట్టా ఉన్నావు?” అంటే “బాగానే ఉన్నా” అంటాం. అందులో ఏ ముల్లూ లేదు, అది మామూలు జవాబు. నిజంగా ఆశ్చర్యపోయిన మనిషి నోటి నుంచి కూడా ‘ఏ’ వస్తుంది. అందుకే ఒక్క వాక్యంతో తీర్పు చెప్పకుండా తర్వాతి వాక్యం కోసం ఆగండి. మా అత్త తర్వాత అడిగింది ఇది: “ఎవరు నేర్పారు? మీ అమ్మకు వంట రాదంట గదా!” అక్కడితో అనుమానం తీరిపోయింది.

అదే పంక్తి చివర మా పెద్దమ్మ కూర్చుంది. ఆమె పొగడలేదు. “ఇంకొంచెం పులుసు వెయ్యమ్మా, ఆ మామిడికాయ ముక్క కూడా వెయ్యి, పులుపు బాగా పట్టింది” అని విస్తరి ముందుకు జరిపింది. తేడా గమనించండి. నిజమైన మెచ్చుకోలు వస్తువును చూస్తుంది: ముక్క, పులుపు, ఇంకొంచెం. ఎత్తిపొడుపు మనిషిని చూస్తుంది: ఎక్కడి పిల్ల, ఎవరి కూతురు. నేను ‘ఏ’ కన్నా దీన్నే ఎక్కువ నమ్ముతాను.

ఇంకో గుర్తు కూడా ఉంది, ఇది సులభం. రోజూ ‘నువ్వు’ అనే మనిషి ఉన్నట్టుండి ‘తమరు’ అంటే అది మర్యాద కాదు. ఒంగోలు బస్టాండులో అరగంట ఆలస్యంగా వచ్చిన స్నేహితుడితో “తమరు వేంచేశారా! ఇంకాసేపు పడుకోవాల్సింది” అన్నారంటే అది వెటకారమే. కానీ నెల్లూరు వైపు ‘సామీ’ అని పిలిస్తే కంగారుపడకండి, అది అక్కడ మామూలు పిలుపు. ఎప్పుడూ అనే పిలుపు మారిందా అన్నదే చూడాలి.

మన అలంకారశాస్త్రంలో పొగుడుతున్నట్టు నిందించడాన్నీ, నిందిస్తున్నట్టు పొగడడాన్నీ వ్యాజస్తుతి అన్నారు. ‘వ్యాజం’ అంటే నెపం. కవిత్వంలో ఆ నెపాన్ని విప్పుకుని ఆనందిస్తాం. పంక్తిలో మాత్రం అది ఒక ఆడపిల్ల మీద పడుతుంది, పైగా ఎదురు చెప్పే వీలు లేకుండా పడుతుంది.

అభ్యాసం. ఈ మూడు మాటల్లో ‘ఏ’ తీసి చదవండి, ముందు ఏమనుకుని ఉంటారో రాయండి, ఆ తర్వాత ఏ వాక్యం వస్తే అనుమానం తీరుతుందో మీరే ఊహించి చేర్చండి.

“ఈ చీరలో నువ్వూ బాగానే ఉన్నావే!”
“మీ అబ్బాయి కూడా పాసయ్యాడే!”
“ఇల్లు బాగానే కట్టారు, గాలి బాగా వస్తోంది.”

మూడోదాని దగ్గర కాస్త ఆగి ఆలోచించండి. జవాబులు వచ్చే పాఠంలో ఉంటాయి. అలాంటి మాటకు గొడవ లేకుండా ఎట్టా బదులు చెప్పాలో కూడా అప్పుడే నేర్చుకుందాం.