స్కాలర్‌షిప్ సిఫారసు లేఖను ఇలా తిరగరాశాను

కర్నూలులో మా సర్జికల్ వార్డు స్టాఫ్ నర్సు ఒకామె క్రిటికల్ కేర్ నర్సింగ్ డిప్లొమాకు స్కాలర్‌షిప్ కోసం దరఖాస్తు చేస్తూ, వార్డు ఇన్‌చార్జిగా నా సిఫారసు లేఖ అడిగింది. ఆఫీసులో టైపు చేసి తెచ్చిన కాగితంలో ‘సత్ప్రవర్తన, కష్టపడే స్వభావం, సమయపాలన’ ఉన్నాయి. పేరు మారిస్తే ఎవరికైనా అతికే లేఖ అది.

సంతకం పెట్టకుండా కొత్తగా రాశాను. ఆమె పనిని ఎంతకాలంగా, ఏ హోదాలో చూస్తున్నానో మొదటి వాక్యంలోనే చెప్పి, నేరుగా ఒక రాత్రి డ్యూటీ సంగతికి వచ్చాను. పేగు ఆపరేషన్ అయిన రోగి. ఆక్సిజన్ 96 శాతం దగ్గర నిలకడగా ఉంది, మానిటర్ మోగలేదు. ఆమె మాత్రం నిండు నిమిషం లెక్కపెట్టి, శ్వాస 18 నుంచి 28కి పెరిగిందని గమనించింది. చార్టులోని పాత అంకెలతో సహా డ్యూటీ డాక్టరుకు ఫోనులో చెప్పింది. రోగి పరిస్థితి దిగజారేటప్పుడు తరచు ముందుగా మారేది శ్వాస వేగమే. అది తెలిసిన కమిటీకి విశేషణాలు అక్కర్లేదు. రోగి పేరు, ఐపీ నంబరు రాయలేదు.

వెంటిలేటర్‌పై ఉన్న రోగిని ఆమె ఇంతవరకు సొంతంగా చూసుకోలేదనీ రాశాను.

“మేడం, అది చదివితే ఇవ్వరేమో” అంది.

“అది నేర్చుకోవడానికే కదమ్మా కోర్సు!” అన్నాను.

ఏడాది సెలవు ఇస్తామని, తిరిగి వచ్చాక ఐసీయూలో వేస్తామని చివర చేర్చాను. అదీ నర్సింగ్ సూపరింటెండెంట్ ఒప్పుకున్నాకే.