చానెల్ దూలం మెలి తిరగడం ఆగింది

మా షెడ్డులో గోడకు బిగించిన 1.5 మీటర్ల ఐఎస్ఎంసీ 150 అనే C ఆకారపు ఉక్కు చానెల్‌కు, ఫ్లాంజిలనే రెండు అడ్డ పలకల్లో పైదాని మధ్యలో గొలుసు కట్టి సుమారు 2 కిలోన్యూటన్ల బరువు వేలాడదీసినప్పుడు, దూలం వంగడమే కాక ఫ్లాంజి అంచులు కిందికి వాలేలా మెలి తిరిగింది. మొదట వెల్డింగునే అనుమానించాను, అది తప్పు.

కోత బలం పై ఫ్లాంజిలో ఒక వైపుకు, కింది ఫ్లాంజిలో ఎదురు వైపుకు ప్రవహించి జంటబలంగా మారుతుంది. బరువు ఏ బిందువు గుండా వెళితే ఆ జంటబలం సమమై మెలి పడదో, అదే కోత కేంద్రం. అది చానెల్ నిలువు పలక అయిన వెబ్‌కు వెనుక, లోహమే లేని చోట ఉంటుంది.

ఫ్లాంజి వెడల్పు b 72.3, ఎత్తు h 141, మందం t 9 మి.మీ. (మధ్యరేఖల కొలతలు), జడత్వ భ్రమకం I 779 సెం.మీ.⁴ అని తీసుకుని, వెబ్ మధ్యరేఖ నుంచి కోత కేంద్రానికి ఉన్న దూరం e లెక్కించాను.

```
e = b²h²t/(4I) ≈ 30 mm
```

గొలుసు వెబ్ మధ్యరేఖకు ఇవతల 35 మి.మీ. దూరంలో ఉండేది కనుక, మొత్తం 65 మి.మీ. చేయిపై 130 న్యూటన్-మీటర్ల మెలి పడేది. వెబ్ వెనుక ఒక బ్రాకెట్ వెల్డ్ చేసి, కొక్కేన్ని వెబ్ వెనుక ముఖానికి 27 మి.మీ. దూరంలో, అంటే మధ్యరేఖకు దాదాపు 30 మి.మీ. దూరంలో అమర్చాను. అప్పటి నుంచి దూలం నిలువునా వంగుతోంది, కానీ మెలి తిరగడం లేదు. పలుచని వెబ్ అక్కడ ఒక్కచోటే వంగకుండా స్టిఫెనర్ అనే బలపరిచే పలక కూడా వేయవలసి వచ్చింది.